అవ్వ మాటలు ఫోన్‌లో ఎక్కించే ముందు

పాపా,

పాకాలలో మీ అవ్వ దగ్గర కూర్చుని, ఆమె వంటలన్నీ ఫోన్‌లో తెలుగులో రాసిపెడతావని మీ నాన్న చెప్పినాడు. సంతోషంతో కళ్లలో నీళ్లొచ్చాయి. "మైకు నొక్కి అవ్వ ముందు పెడితే అదే రాసుకుంటుంది" అన్నావట. అది విన్నప్పటి నుంచి నాకు టెన్షన్‌గా ఉంది.

కీబోర్డు సంగతి సులువే. Gboard సెట్టింగుల్లో Languages లోకి పోయి తెలుగు కలుపుకో. అక్కడ తెలుగు అక్షరాల అమరిక, ఇంగ్లీషు అక్షరాలతో కొట్టే అమరిక రెండూ ఉంటాయి. రెండూ పెట్టుకో. మైకు నొక్కేటప్పుడు కీబోర్డు తెలుగులో ఉందో లేదో చూసుకో.

ఇప్పుడు నేను చేసిన తప్పు చెప్తాను.

2019లో నేనూ నీలాగే మైకు నొక్కి ఫోను మా అమ్మ ముందు పెట్టినాను. అమ్మ గంటసేపు చెప్పింది. తెర మీద తెలుగు పరిగెత్తుతుంటే మురిసిపోయినాను. చదివి చూడలేదు, గొంతు రికార్డు చేయలేదు. మరుసటి ఏడు అమ్మ పోయింది. సంవత్సరీకం నాటికి అందులోని ఒక కూర వండుదామని తెరిచి చూస్తే, "ఉల్లిగడ్డ ఉడికించి తోలు తీసి" అని ఉంది. ఉల్లిగడ్డను ఎవరు ఉడికించి తోలు తీస్తారు? మా అమ్మ జన్మలో ఉల్లిగడ్డ అనలేదు, ఎర్రగడ్డ అనేది. ఆమె చెప్పింది ఉర్లగడ్డ, అంటే బంగాళదుంప. ఫోనుకు ఆ మాట తెలియదు, దానికి దగ్గరగా వినిపించే మాట రాసేసింది. ఊరిబిండి పచ్చడి "ఊరి బండి" అయింది. ఈ రెండూ మన యాస తెలుసు కాబట్టి పట్టుకోగలిగినాను. ఇంకొకచోట "ఆమె ఆకు వేసి దించాల" అని ఉంది. అది ఏ ఆకో ఈరోజుకీ తెలియదు. గొంతు ఉండుంటే ఒక్క నిమిషంలో తేలేది. ఆ కూర మళ్లీ వండలేదు పాపా.

అందుకే చెప్తున్నా, ముందు రికార్డర్ యాప్‌లో అవ్వ గొంతు తీసుకో. కీబోర్డు మైకు అక్షరాలు ఇస్తుందే గానీ, గొంతును నీకోసం దాచిపెట్టదు. పైగా ముసలివాళ్లు చెప్తూ చెప్తూ ఆగుతారు, ఆలోచిస్తారు. కాసేపు మాట లేకపోతే మైకు ఆగిపోతుంది, మనం గమనించము. రికార్డరూ, మైకూ ఒకేసారి నడపాలని చూడొద్దు, చాలా ఫోన్లలో ఒకదానికి శబ్దమే అందదు. ఆమెను తొందరపెట్టొద్దు, మధ్యలో సరిచేయొద్దు. కోపమొస్తే మాట్లాడడం మానేస్తుంది, నాకు తెలుసు.

ఇంటికొచ్చినాక ఒక వాక్యం విను, ఆపు, అదే వాక్యాన్ని నీ గొంతుతో నిదానంగా మైకులో చెప్పు. పళ్లూడిన అవ్వ గొంతు కంటే నీ గొంతు దానికి బాగా అందుతుంది. చుక్కలు, కామాలు నువ్వే పెట్టుకో. కొలతలు మాత్రం ప్రతిసారీ రికార్డుతో సరిచూడు. "అర" అన్నది ఎగిరిపోతే ఉప్పు రెండింతలవుతుంది.

మన ఊరి మాట వచ్చినచోట మైకు ఆపి చేత్తో కొట్టు. ఇక్కడ కీబోర్డుల తేడా తెలుస్తుంది. ఇంగ్లీషు అక్షరాలతో urlagadda అని కొడితే అది ఊహిస్తుంది. d అంటే ద కావచ్చు, డ కావచ్చు. l అంటే ల కావచ్చు, ళ కావచ్చు. అది తనకు తెలిసిన మాటల వైపు లాగుతుంది. మామూలు మాటలకు అంతకన్నా వేగమైనది లేదు, నేనూ అదే వాడతాను. యాస మాటలకు మాత్రం తెలుగు అక్షరాల అమరికకు మారు. ఉ, ర, పొల్లు, ల, గ, డ, పొల్లు, డ. ఎనిమిది నొక్కులు. నువ్వు కొట్టిందే పడుతుంది. కంప్యూటర్‌లో ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకున్నదానివి కదా, Indic Keyboard యాప్‌లో అదే అమరిక ఫోన్‌లోనూ దొరుకుతుంది.

మళ్లీ మళ్లీ వచ్చే మాటలను Gboard సెట్టింగుల్లో Dictionary, దాని లోపల Personal dictionary లో తెలుగు కింద చేర్చుకో. చెనిక్కాయలు, తెల్లగడ్డ, ఊరిబిండి లాంటివి. కొట్టేటప్పుడు పనికొస్తాయి. మైకు కూడా వాటిని నేర్చుకుంటుందని మాత్రం నమ్ముకోవద్దు. ఉర్లగడ్డ పక్కన కావాలంటే బంగాళదుంప అని రాయి, కానీ ఉర్లగడ్డను తీసేయొద్దు.

రికార్డులు ఫోన్‌లో ఒక్కచోటే ఉంచొద్దు. ఏ రోజుది ఆ రోజే మీ నాన్న ఫోనుకూ, నాకూ పంపు. నిద్రొస్తోందని రేపటికి పెడితే ఊరుకోను. భోంచేసి పడుకో, కళ్లు పాడుచేసుకోకు.

మొదటి రికార్డు వచ్చినాక నువ్వు రాసింది వెంటనే పంపకు. ముందు అవ్వ గొంతు ఒక్కసారి వింటాను.

మీ అత్త
చిత్తూరు