బాబు జుట్టులో చిక్కిన చూయింగ్ గమ్ గురించి

చి. ల. సౌ. రమకు పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

చిన్నవాడి జుట్టులో వాళ్లన్న చూయింగ్ గమ్ అంటించాడనీ, పక్కింటివాళ్లు అక్కడికి కత్తిరించి పారేయమన్నా నువ్వు ఒప్పుకోకుండా నూనె పెట్టి తీస్తానన్నావనీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. వచ్చే నెలలో వేములవాడ రాజన్న సన్నిధిలో పుట్టువెంట్రుకలు తీయించవలసిన పిల్లవాడి తలకు అంతవరకు కత్తెర తగలకూడదన్న మొక్కు ఆ కంగారులో కూడా నీకు గుర్తున్నందుకు నాకు చాలా గర్వంగా ఉంది. అయితే నూనె పెట్టబోయే ముందు ఒకసారి తలస్నానం చేయించి చూద్దామని అనుకుంటున్నావని కూడా మీ అమ్మ అంది. ఆ మాట విన్నప్పటి నుంచి నా మనసు కుదురుగా లేదు. ఈ ఉత్తరం పూర్తిగా చదివేదాకా వాడి తలకు ఒక్క చుక్క నీరు కూడా తగలనివ్వకు.

నా భయానికి కారణం ఉంది. నా పెళ్లయిన కొత్తలో మా ఆడపడుచు కొడుకుకు సరిగ్గా ఇలాగే జరిగింది. వాడికీ మూడో ఏడే. వాడి పుట్టువెంట్రుకలు కూడా అప్పటికి ఇంకా ఇవ్వలేదు. చెవి వెనుక చిన్న ఉండ అంటుకుని ఉంటే, సబ్బుతో అదే పోతుందని ఆవిడ వేడినీళ్లు పోసి రుద్దింది. గమ్‌లో ఉండే బంక నీళ్లలో కరగదు. పైగా వేడి తగిలితే మరింత మెత్తబడి, రుద్దిన కొద్దీ సాగి, పక్కనున్న వెంట్రుకలను కూడా పట్టుకుంటుంది. రూపాయి బిళ్లంత ఉన్నది చూస్తుండగానే అరచేయంత అయింది. ఇంతలో ఎవరో కిరసనాయిలు అయితే ఇట్టే వదులుతుందన్నారు. ఆ రోజుల్లో ప్రతి ఇంట్లోనూ స్టవ్ కోసం కిరసనాయిలు ఉండేది కదా, గుడ్డ తడిపి అద్దారు. కాసేపటికే మెడ మీద చర్మం ఎర్రగా కమిలిపోయింది, ఆ మంటకూ వాసనకూ పిల్లవాడు గుక్కపట్టి ఏడ్చాడు. ఇక వేరే దారి లేదని చివరకు కత్తెర తీసింది. ఇద్దరు పట్టుకున్నా, అంతసేపు బాధపడిన పిల్లవాడు కత్తెర చప్పుడు చెవి పక్కన వినగానే తల విదిలించాడు. చెవి అంచు తెగింది. గాయం పెద్దది కాదు గానీ ఆ రక్తం చూసి ఆవిడ కూలబడిపోయింది. మొక్కు చెల్లకుండానే తలలో ఒక పక్క కత్తెర పడిందని ఆ తర్వాత చాలాకాలం బాధపడింది. మొదటి అడుగులోనే నీళ్లకు బదులు నూనె తీసుకుని ఉంటే వీటిలో ఏదీ జరిగేది కాదు. అందుకే కిరసనాయిలు, పెట్రోలు, పెయింట్ థిన్నర్, గోళ్ల రంగు తుడిచే ద్రావకం వంటివి ఎవరు ఎంత నమ్మకంగా చెప్పినా ఆ గదిలోకి కూడా రానివ్వకు. అవి చర్మాన్ని కాలుస్తాయి, నిప్పు అంటుకుంటాయి; కిరసనాయిలు పొరపాటున నోట్లోకి పోతే ఊపిరితిత్తులకే ప్రమాదం.

ఇక పని సంగతి. వెలుతురున్న చోట బాబును ఒడిలో కూర్చోబెట్టుకుని, భుజాల మీద పాత తువాలు కప్పు. గమ్ లేని జుట్టునంతా పక్కకు తీసి రబ్బరు బ్యాండు వేసెయ్. వాడి చేతికి ఏదైనా బొమ్మ ఇవ్వు, లేకపోతే ఆ చేయి మళ్లీ మళ్లీ తలలోకే పోతుంది.

కొబ్బరి నూనె మంచిది. నువ్వుల నూనె అయినా, వంటనూనె అయినా పనిచేస్తుంది. ఆముదం మరీ చిక్కన, లోపలికి ఇంకడానికి ఆలస్యమవుతుంది. చలికి కొబ్బరి నూనె గడ్డకట్టి ఉంటే సీసాను గోరువెచ్చని నీళ్లలో పెట్టి కరిగించు. పొయ్యి మీద కాచవద్దు. 2 చెంచాలు చాలు. ముందుగా నీ వేళ్లకు నూనె రాసుకో. పొడి వేళ్లతో ముట్టుకుంటే గమ్ వాటికీ అంటుతుంది. ఆ తర్వాత ఉండ మీదా, దానికి పైనా కిందా 2 అంగుళాల మేర జుట్టుకూ బాగా పట్టించి 10 నిమిషాలు వదిలెయ్. ఈ 10 నిమిషాలే అసలైన పని చేస్తాయి. నీళ్లను దగ్గరకు రానివ్వని ఆ బంకలోకి నూనె మెల్లగా చేరి దాని పట్టును తీసేస్తుంది, వెంట్రుక మీద జారుడు పొరను కూడా కప్పుతుంది. చాలామంది నూనె రాసిన మరుక్షణమే దువ్వెన పెట్టి, ఇది పనిచేయదని చెప్పి కత్తెర తీస్తారు.

తర్వాత ఉండను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉంచి నెమ్మదిగా నలుపు. నొక్కి వదిలినప్పుడు తీగలా సాగితే ఇంకా సమయం కాలేదన్నమాట. మరికొంత నూనె అద్ది ఆగు. సాగకుండా జారుతూ చిన్న చిన్న ముక్కలుగా విడిపోతుంటే దువ్వెన వేయవచ్చు. రాత్రి నుంచి ఉండి గట్టిపడిన గమ్ కాబట్టి ఆ స్థితికి రావడానికి అరగంట పట్టినా ఆశ్చర్యపోకు.

దువ్వెన పళ్లు దూరంగా ఉన్నదై ఉండాలి. పేల దువ్వెనతో మొదలుపెడితే పళ్ల సందుల్లో గమ్ ఇరుక్కుని వెంట్రుకలను కుదుళ్లతో సహా లాగేస్తుంది. ఉండకు పైన, తల వైపున ఉన్న పాయను ఎడమచేత్తో గట్టిగా పట్టుకో. అప్పుడు లాగుడంతా నీ పిడికిలి మీద పడుతుంది గానీ పిల్లవాడి మాడుకు తెలియదు. ఇక్కడ ఓపిక చాలా అవసరం, తల్లీ. మూడేళ్ల పిల్లల వెంట్రుక సన్నన, కాస్త బలంగా లాగితే తెగుతుంది. మొదట జుట్టు చివరన ఒక అంగుళం దువ్వు, అది వదిలాక దానికి పైది, అలా కింది నుంచి పైకి పోతూ ఉండ దగ్గరకు చేరు. ప్రతి దువ్వుకూ దువ్వెనను నూనె గుడ్డతో తుడవాలి, లేకపోతే వచ్చిన గమ్‌నే మళ్లీ జుట్టుకు పూస్తావు. వాడు విసిగితే ఆపి కాసేపు ఎత్తుకుని తిప్పు. నూనె తలలో ఎంతసేపున్నా నష్టం లేదు కాబట్టి ఒక్క విడతలోనే ముగించాలన్న పంతం వద్దు. నాలుగు వెంట్రుకలు దువ్వెనతో ఊడి వచ్చాయని మొక్కు చెడుతుందేమోనని కూడా బెంగపడకు. రోజూ తల దువ్వినప్పుడు ఊడేవీ అవే కదా.

అంతా వచ్చాక మాత్రమే తలస్నానం. షాంపూను ముందు నూనె జుట్టుకే పట్టించి, ఆ తర్వాత నీళ్లు పోస్తే జిడ్డు తేలికగా వదులుతుంది. రెండోసారి మామూలుగా రుద్దు. కుంకుడు రసం వద్దు, ఇప్పటికే విసిగి ఉన్న పిల్లవాడి కళ్లు మండిపోతాయి. జుట్టు ఆరిన తర్వాత ఆ పాయను వేళ్ల మధ్య జార్చి చూడు. ఎక్కడైనా గరుకుగా తగిలితే అక్కడ ఇంకా ముక్క ఉన్నట్టే. ఆ రాత్రి దానికి నూనె రాసి మరునాడు దువ్వు.

మాడు మీద పుండో దద్దురో ఉంటే నూనె పెట్టకు. రెప్ప వెంట్రుకలకు గమ్ తగిలి ఉంటే నువ్వు ముట్టుకోకుండా కంటి డాక్టరుకు చూపించు. పెద్దవాడిని మరీ కొట్టకు, వాడూ చిన్నవాడే; కాని ఇంట్లో మూడేళ్ల పిల్లవాడు ఉన్నంతకాలం గమ్ కొనిపెట్టకు. జుట్టుకు అంటితే నూనె ఉంది గానీ, చిన్నవాడు నోట్లో వేసుకుంటే గొంతులో అడ్డం పడుతుంది. పని ముగిశాక ఎంత రాత్రయినా నాకు ఫోను చెయ్యి, మేలుకునే ఉంటాను.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ