దానకర్ణుడు అనకుండా థాంక్స్ చెప్పడం

ప్రశ్న: మా వీధి కుర్రాళ్ళం కలిసి చేసిన కార్యక్రమానికి ఒక షాపాయన ఖర్చు పెట్టుకున్నారు. ఆయనకి థాంక్స్ మెసేజ్ ఎలా రాయాలి? కాకా పట్టినట్టు ఉండకూడదు, పొడిపొడిగానూ ఉండకూడదు.

మాది పర్లాకిమిడి. ఏటా ఆగస్టు 29న గిడుగు రామమూర్తి గారి పుట్టినరోజుకి పిల్లల చేత పద్యాలు చెప్పిస్తాం. ఆయన పాఠాలు చెప్పిన ఊరు కదా, ఆ మాత్రం చెయ్యకపోతే బాగోదు. ఈమధ్య ఒకసారి బహుమతులకి బజార్లో స్టీలు సామాన్ల షాపు బాబాయ్ గారు 40 టిఫిన్ క్యారేజీలు ఇచ్చారు. ఆ రోజు షాపు వదిలి రావడం ఆయనకి కుదరలేదు.

మర్నాడు మా కమిటీ పెద్దాయన ఒకరు థాంక్స్ మెసేజ్ రాసి గ్రూపులో పెట్టారు. 'దానకర్ణులు, వితరణశీలురు, భాషాభిమాన ధురీణులైన తమ ఔదార్యమునకు మా కృతజ్ఞతాంజలులు' అని మొదలై ఒక పేజీ నడిచింది. వాడుక భాష కోసం జీవితాంతం పోట్లాడిన మనిషి పుట్టినరోజు చేసి, మర్నాడే ఈ గ్రాంథికం! పోనీ అంత రాశారు కదా, అందులో క్యారేజీ అన్న మాటే లేదు. క్యారేజీలు ఇచ్చినాయనకీ, మంచినీళ్ళ డబ్బాలు ఇచ్చినాయనకీ, ఏమీ ఇవ్వని వార్డు పెద్దకీ కూడా అదే పంపొచ్చు. అదీ గుర్తు. పేరు మార్చి ఇంకొకరికి పంపగలిగితే అది థాంక్స్ కాదు, శుభలేఖ.

నేను రాసింది ఇది:

'బాబాయ్ గారూ, నమస్కారం. నిన్న కార్యక్రమం బాగా జరిగింది. మీ క్యారేజీల్లో 36 పిల్లలకి ఇచ్చాం. 4 మిగిలాయి, మా ఇంట్లో ఉన్నాయి, కుర్రాడిని పంపితే ఇచ్చేస్తాను. మధ్యలో కరెంటు పోయి మైకు ఆగిపోయింది. అప్పుడు మూడో తరగతి గుంట ఒకతి వేమన పద్యం సగంలో ఉంది. మీరు షాపులోంచి ఇన్వర్టర్ పంపించేదాకా క్యారేజీ గట్టిగా పట్టుకుని స్టేజీ మీదే నిలబడింది, దిగమంటే దిగలేదు. మైకు రాగానే పద్యం మళ్ళీ మొదటి నుంచి చెప్పింది. ఆ ఫోటో పంపుతున్నాను. మీకూ, ఇన్వర్టర్ మోసుకొచ్చిన మీ కుర్రాడికీ మా అందరి తరఫునా థాంక్స్.'

అంతే. ఆయన ఇచ్చింది ఏమైందో ఉంది, మిగిలిన లెక్క ఉంది, రాలేకపోయిన మనిషికి అక్కడ జరిగింది ఒకటి కళ్ళకి కట్టింది. పొగడ్త ఒక్కటీ లేదు, అయినా చల్లగా లేదు. ఇన్వర్టర్ సంగతి ముఖ్యం. క్యారేజీలు ఆయన అనుకుని ఇచ్చినవి, ఇన్వర్టర్ అడగ్గానే క్షణంలో పంపింది. మనుషులకి రెండోదాన్ని గుర్తిస్తేనే ఎక్కువ సంతోషం, ఇందులో నాకు అనుమానమే లేదు.

కోశాధికారి గారు చివర్లో 'వచ్చే ఏడు కూడా తమ సహకారం' అని చేర్చమన్నారు. చేర్చలేదు. థాంక్స్ కింద అర్జీ పెడితే పైన రాసిందంతా దానికోసమే అనిపిస్తుంది. అడగాల్సింది జూలైలో వెళ్ళి షాపులో కూర్చుని అడగండి. డబ్బు ఇచ్చినవారైతే ఎంత ఇచ్చారో గ్రూపులో వేసేముందు వాళ్ళని ఒక మాట అడగండి. బజార్లో పక్క షాపువాళ్ళు పోల్చుకుంటారు, అదో తలనొప్పి.

ఇంకో సంగతి మా వైపు వాళ్ళకే. 1936లో మేం ఒడిశాలో కలిశాక బడి చదువు ఒడియాలో, ఇంటి మాట తెలుగులో అయిపోయిన ఇళ్ళు చాలా ఉన్నాయి. ఈ బాబాయ్ గారు తెలుగు గలగలా మాట్లాడతారు కానీ అక్షరాలు చదవలేరు. కాబట్టి పై మెసేజ్‌ని వాయిస్‌లో చదివి పంపాను, ఫోటో విడిగా పెట్టాను. ఆ పెద్దాయన గ్రాంథికం వెళ్ళి ఉంటే కోడలి చేత చదివించుకుని, ఆవిడకీ అర్థం కాక ఇద్దరూ ఊరుకునేవారు. చేతులు జోడించిన పూల బొమ్మలు ఫార్వర్డ్ చేసేవాళ్ళ గురించి నేనేమీ అనను, అంటే ఈ జవాబు అవదు.

సాయంత్రానికి ఆయన ఫోన్ చేశారు. మిగిలిన క్యారేజీలు ఉంచుకోమని, ఆ గుంట ఎవరి అమ్మాయో అడిగారు.

మీ షాపాయన బదులు బ్యాంకో కంపెనీయో ఇస్తే ఇలా కుదరదు. అక్కడి మేనేజరు దాన్ని పైవాళ్ళకి చూపించుకోవాలి. సంఘం లెటర్‌హెడ్ మీద తారీఖు, ఇచ్చిన మొత్తం, దేనికి ఖర్చయిందో నాలుగు లైన్లు రాసి, రసీదూ వాళ్ళ బ్యానర్ కనిపించే ఫోటో ఒకటీ జతచేసి ఇవ్వండి. మేనేజరుకి మాత్రం విడిగా ఫోన్ చేసి మాట్లాడండి.