రూట్ కెనాల్, క్యాప్ కలిపి 3,250 డాలర్లా? లెక్క ఇలా వేసుకోండి

అమెరికాకు కొత్తగా వచ్చినవాళ్ళు తరచూ అడిగే ప్రశ్న ఇది. "అన్నా, దవడ పన్ను నొప్పని వెళ్తే రూట్ కెనాల్, క్యాప్ కలిపి 3,250 డాలర్లు అవుతుందని కాగితం చేతిలో పెట్టారు. ఇన్సూరెన్స్ ఉంది కదా అంటే, అది కూడా చూసుకుంటాం, ఇక్కడ సంతకం పెట్టండి అన్నారు. ఇది సరైన ధరేనా?"

ఆ మొత్తం చూసి ఎవరూ ఏమీ చెప్పలేరు. సంతకం పెట్టే ముందు అడగాల్సింది ఒకటే: ప్రతి పనికీ కోడ్ నంబరుతో, ధరతో విడివిడిగా రాసి ఇమ్మనండి. ఇక్కడ పళ్ళ వైద్యంలో ప్రతి పనికీ D అక్షరంతో మొదలయ్యే కోడ్ ఉంటుంది, దేశమంతా అదే వాడతారు. దవడ పన్నుకి రూట్ కెనాల్ D3330. దాని తర్వాత పన్ను లోపలి ఖాళీ నింపి క్యాప్‌కి ఆధారం కట్టే పనిని బిల్డప్ అంటారు, అది D2950. పింగాణీ లేదా జిర్కోనియా క్యాప్ D2740. ముందు పన్నుకైతే రూట్ కెనాల్ కోడ్ D3310, ధర కూడా తక్కువ. ముందు పన్నుకి సాధారణంగా ఒక్క నాళమే ఉంటుంది, దవడ పన్నుకి మూడు నాలుగు ఉంటాయి కాబట్టి పనీ ఎక్కువ, ఖర్చూ ఎక్కువ.

ఇప్పుడు ఆ 3,250ని విడదీస్తే రూట్ కెనాల్ 1,400, బిల్డప్ 350, క్యాప్ 1,500 అని తేలిందనుకుందాం. ఇన్సూరెన్స్ లేనివాళ్ళకి చాలా ఊళ్ళలో దవడ పన్ను రూట్ కెనాల్ సుమారు 1,000 నుంచి 1,800 డాలర్లు, క్యాప్ 1,000 నుంచి 2,000 వరకు ఉంటాయి. కాబట్టి ఈ ధరల్లో వింతేమీ లేదు. మీ ఊరి సంగతి కావాలంటే fairhealthconsumer.org లో మీ జిప్ కోడ్, ఆ D కోడ్ ఇచ్చి చూడండి. న్యూయార్క్ నగరంలో ఉన్న ధర ఒక చిన్న పట్టణంలో ఉండదు.

కానీ మీకు పీపీఓ ప్లాన్, అంటే కంపెనీతో ఒప్పందం ఉన్న డాక్టర్ల నెట్‌వర్క్‌తో నడిచే ప్లాన్ ఉండి, డాక్టరు ఆ నెట్‌వర్క్‌లో ఉంటే ఈ ధరలు మీవి కావు. కంపెనీతో కుదుర్చుకున్న ధర వేరే ఉంటుంది, నెట్‌వర్క్ డాక్టరు అంతకు మించి వసూలు చేయకూడదు. మన ఉదాహరణలో ఆ ధర రూట్ కెనాల్‌కి 950, బిల్డప్‌కి 200, క్యాప్‌కి 950 అనుకోండి. మొత్తం 2,100. ఇన్సూరెన్స్ ఒక్క డాలరు కూడా కట్టకముందే 1,150 తగ్గింది.

ఇక్కడే కొత్తవాళ్ళు ఎక్కువగా బోల్తా పడతారు. ఫోన్ చేస్తే రిసెప్షన్‌లో "మేం అన్ని ఇన్సూరెన్సులూ తీసుకుంటాం" అంటారు. దానికి అర్థం క్లెయిమ్ పంపిస్తాం అని మాత్రమే కావచ్చు. అడగాల్సిన మాట: "మీరు నా ప్లాన్‌కి ఇన్-నెట్‌వర్కేనా?" ఆ జవాబును ఇన్సూరెన్స్ వెబ్‌సైట్‌లో కూడా సరిచూసుకోండి. మీ డాక్టరు రూట్ కెనాల్‌కి ఎండోడాంటిస్ట్ అనే స్పెషలిస్టు దగ్గరికి పంపితే, ఆయన నెట్‌వర్క్‌లో ఉన్నారో లేదో మళ్ళీ విడిగా చూడాలి. స్పెషలిస్టు ధర ఎలాగూ కాస్త ఎక్కువే.

ఇక మీ జేబులోంచి ఎంత? చాలా ఉద్యోగాల ప్లాన్లలో రూట్ కెనాల్‌కి 80 శాతం, క్యాప్‌కి 50 శాతం ఇస్తారు. కొన్ని ప్లాన్లు రూట్ కెనాల్‌ని కూడా 50 శాతంలోకి తోస్తాయి, అందుకే మీ ప్లాన్ పుస్తకం చూడాల్సిందే. కంపెనీ ఇవ్వడం మొదలుపెట్టే ముందు ఏడాదికోసారి మీరు కట్టాల్సిన మొత్తాన్ని డిడక్టిబుల్ అంటారు, మన ఉదాహరణలో అది 50 డాలర్లు. రూట్ కెనాల్ 950లో అది పోగా మిగిలిన 900లో 80 శాతం, అంటే 720 కంపెనీది. బిల్డప్‌కి సగం, 100. క్యాప్‌కి సగం, 475. కంపెనీ వాటా 1,295, మీది 805.

అయితే ఈ లెక్క పూర్తి కాదు. ఇక్కడి మెడికల్ ఇన్సూరెన్స్‌లో ఒక హద్దు దాటాక మనం కట్టక్కర్లేదు. డెంటల్‌లో అది తలకిందులు, ఒక హద్దు దాటాక కంపెనీయే కట్టడం ఆపేస్తుంది. ఏడాదికి 1,500 డాలర్ల హద్దు మామూలు. క్లీనింగులు, ఎక్స్‌రేలు కలిపి ఈ ఏడాది ఇప్పటికే 400 వాడేశారనుకోండి. మిగిలింది 1,100 మాత్రమే. అప్పుడు మీ వాటా 805 కాదు, 1,000.

ఏడాది చివర్లో అయితే దీనికో ఉపాయం ఉంది. మీ ప్లాన్ ఏడాది జనవరిలో మొదలయ్యేదైతే, డిసెంబరులో రూట్ కెనాల్, బిల్డప్ చేయించుకుని, జనవరిలో క్యాప్ వేయించుకోవచ్చు. కొత్త ఏడాదిలో హద్దు మళ్ళీ మొదటి నుంచి లెక్క కాబట్టి, కొత్త డిడక్టిబుల్ 50 పోగా క్యాప్‌కి 450 వస్తుంది, మీ వాటా మొత్తం 830కి దిగుతుంది. కొన్ని ప్లాన్లు పన్ను అరగదీసిన తేదీని లెక్కలోకి తీసుకుంటాయి, కొన్ని క్యాప్ అతికించిన తేదీని, అది ముందే కనుక్కోండి. ఆలస్యం రెండు మూడు వారాలకు మించనివ్వకండి. రూట్ కెనాల్ అయిన దవడ పన్ను క్యాప్ లేకుండా నములుతుంటే చీలిపోయే ప్రమాదం ఉంది. నిలువునా చీలితే ఆ పన్ను పీకేయడమే, పెట్టిన డబ్బంతా వృథా.

మరో మెలిక ఉంది. కొన్ని ప్లాన్లు వెనక పళ్ళకి పింగాణీ క్యాప్ వేయించుకున్నా లోహపు క్యాప్ ధర మీదే 50 శాతం లెక్కగడతాయి. లోహపు క్యాప్ ధర 750 అయితే మీకు వచ్చేది 475 కాదు, 375. ఆ తేడా మీ నెత్తినే. సొంతంగా కొన్న ప్లాన్లలోనైతే క్యాప్‌కి ఆరు నెలలో, ఏడాదో వెయిటింగ్ పీరియడ్ కూడా ఉండొచ్చు, అంటే ప్లాన్ కొన్నాక అన్నాళ్ళు ఆగితేనే కంపెనీ క్యాప్‌కి డబ్బిస్తుంది.

ఇవన్నీ మీరే తేల్చుకోనక్కర్లేదు. "ప్రీ-డిటర్మినేషన్ పంపించండి" అని డాక్టరు ఆఫీసుని అడగండి. వాళ్ళు కోడ్‌లు, ఎక్స్‌రేలు కంపెనీకి పంపితే, కంపెనీ ఎంత ఇస్తుందో, మీ వాటా ఎంతో రాతపూర్వకంగా వస్తుంది. ఒకటి రెండు వారాలు పట్టొచ్చు. అది గ్యారంటీ కాదు, మధ్యలో మీ హద్దు అయిపోతే మారుతుంది. అయినా రిసెప్షన్‌లో వేసిన అంచనా కంటే చాలా నయం. నిద్రపట్టనంత నొప్పి ఉంటే మాత్రం దాని కోసం ఆగకండి. రూట్ కెనాల్ వరకు చేయించుకుని, క్యాప్‌కి మాత్రం ప్రీ-డిటర్మినేషన్ పంపించమనండి.

ధర సరైనదే అయినా పని అవసరమా అన్నది వేరే ప్రశ్న. చల్లనిది తగిలాక జివ్వుమనడం చాలాసేపు తగ్గకపోయినా, ఏమీ తినకుండానే రాత్రి నొప్పి లేపినా రూట్ కెనాల్ అన్న మాట నమ్మదగినదే. నొప్పే లేని నాలుగు పళ్ళకి ఒకేసారి క్యాప్‌లు రాస్తే మాత్రం ఎక్స్‌రేలు ఈమెయిల్ చేయించుకుని ఇంకో డాక్టరుకి చూపించండి. వాటి కాపీలు అడిగే హక్కు మీకుంది.

ఇన్సూరెన్స్ లేని విద్యార్థులు దగ్గరలోని యూనివర్సిటీ డెంటల్ స్కూల్‌లో అడగాలి. విద్యార్థి డాక్టర్లు ప్రొఫెసర్ల పర్యవేక్షణలో చేస్తారు, ధర చాలా తక్కువ, కానీ ఒక్కో సిట్టింగ్ గంటల తరబడి సాగుతుంది. ఇండియాలో చేయించుకుందామంటే, ఎలాగూ వెళ్తున్నప్పుడు, అక్కడ రెండు వారాలైనా ఉండేట్టయితే సరే. క్యాప్ కోసమే టికెట్ కొంటే మిగిలేది ఏమీ ఉండదు.