జర్మనీలో జ్వరం వస్తే సెలవు అడగకండి

కొత్తగా వచ్చిన పిల్లలు నన్ను తరచూ అడిగే ప్రశ్న: "అన్నయ్యా, ఇక్కడ ఏడాదికి సిక్ లీవులు ఎన్ని?" ఇక్కడ ఆ లెక్కే లేదు. ఒంట్లో బాగాలేకపోతే మనం సెలవు అడగం. పనికి రాలేమని కబురు చెబుతాం, అంతే. ఈ తేడా తెలియక నా మొదటి ఉద్యోగంలో దెబ్బ తిన్నాను. ఒక శుక్రవారం జ్వరంతో లేచి, వచ్చీరాని జర్మన్‌లో "ఒంట్లో బాగాలేదు, రెండు రోజులు ఉర్లౌబ్ కావాలి" అని రాశాను. ఉర్లౌబ్ అంటే ఊరికి వెళ్లడానికి దాచుకునే వార్షిక సెలవు. శుక్రవారం, సోమవారం రెండూ అందులోంచి కోసేశారు. సరిచేయమంటే డాక్టరు సర్టిఫికెట్ అడిగారు. నా దగ్గర లేదు.

అందుకే ముందుగా రెండు మాటలు విడివిడిగా గుర్తుపెట్టుకోండి. క్రాంక్‌మెల్డుంగ్ అంటే కంపెనీకి మీరు చెప్పే కబురు. క్రాంక్‌ష్రైబుంగ్ అంటే ఈ మనిషి పనిచేసే స్థితిలో లేడని డాక్టరు ఇచ్చే ధ్రువీకరణ. దాని అసలు పేరు చాంతాడంత ఉంటుంది కాబట్టి అందరూ పొడి అక్షరాల్లో "ఆ-ఊ" అంటారు. మొదటిది మొదటి రోజే, వీలైతే పని మొదలయ్యే వేళకు ముందే అందాలి. పక్క సీటు స్నేహితుడికి వాట్సాప్‌లో చెబితే కంపెనీకి చెప్పినట్టు కాదు. ఫోనైతే "ఇష్ బిన్ క్రాంక్ ఉంట్ కాన్ హోయ్టె నిష్ట్ ఆర్బైటెన్" అంటే చాలు. మెయిలైతే ఇలా:

```
Betreff: Krankmeldung

Guten Morgen,
ich bin krank und kann heute nicht arbeiten.
Ich falle voraussichtlich bis
einschließlich Freitag aus.
```

ఇందులో "ఫొరౌస్‌జిష్ట్‌లిష్" అంటే బహుశా, అంచనా ప్రకారం అని. "ఐన్‌ష్లీస్‌లిష్" అంటే ఆ రోజు కూడా కలుపుకొని. ఈ రెండో మాట లేకపోతే శుక్రవారం వస్తారా రారా అని మళ్లీ ఫోను వస్తుంది. జబ్బు పేరు చెప్పనక్కర్లేదు. విరేచనాల వైనమంతా టీము మొత్తానికి రాసిన మనవాళ్లను చూశాను. పాపం, చదివినవాళ్లే ఇబ్బంది పడ్డారు.

ఇక రోజుల లెక్క. చట్టం ప్రకారం జబ్బు మూడు రోజులు దాటితే, ఆ తర్వాతి పనిరోజుకల్లా ఆ-ఊ ఉండాలి. ఈ మూడు క్యాలెండరు రోజులు. శని, ఆదివారాలూ కలుస్తాయి. నేను పప్పులో కాలేసింది ఇక్కడే. శుక్రవారం, సోమవారం కలిపి రెండే రోజులు కదా అనుకున్నాను. జర్మన్ లెక్కలో శుక్ర, శని, ఆది మూడూ అయిపోయి, సోమవారం నాలుగో రోజు. ఆ ఉదయమే డాక్టరు దగ్గరికి వెళ్లాల్సింది. తర్వాత వెళ్లి పాత తేదీ వేయమంటే మామూలుగా వేయరు. పైగా మొదటి రోజు నుంచే ఆ-ఊ కావాలని అడిగే హక్కు కంపెనీకి ఉంది. మీ ఒప్పంద పత్రంలో ఆ వాక్యం ఉందేమో చూసుకోండి.

డాక్టరు దగ్గర కౌంటరులో మొదట అడిగేది "గెజెట్స్‌లిష్ ఓడర్ ప్రివాట్?" అని. మీ బీమా ప్రభుత్వ చట్టం కిందిదా, ప్రైవేటుదా అని అర్థం. గెజెట్స్‌లిష్ అయితే కార్డు ఇస్తే చాలు. 2023 జనవరి నుంచి ఆ-ఊ డాక్టరు నుంచి మీ బీమా సంస్థకు, అంటే క్రాంకెన్‌కాసెకు, కంప్యూటర్‌లోనే వెళుతుంది. కంపెనీ అక్కడి నుంచి తీసుకుంటుంది. అయినా ఎప్పటివరకు రాశారో కంపెనీకి మీరు చెప్పాల్సిందే. ప్రైవేటు బీమా అయితే కాగితాన్ని మీరే పంపాలి. మీరు పాత పేషెంటై, జబ్బు తీవ్రంగా లేకపోతే, ఫోనులోనే ఐదు రోజుల వరకు రాసిచ్చే వీలుంది. ఆరోగ్యంగా ఉన్నప్పుడే ఒక హౌస్‌ఆర్ట్స్‌ట్‌ను, అంటే ఇంటి డాక్టరును, చూసిపెట్టుకోమని నేను పోరేది అందుకే.

జీతం విషయానికొస్తే, ఒక జబ్బుకు ఆరు వారాల వరకు కంపెనీ పూర్తి జీతం ఇస్తుంది. ఆ తర్వాత కాసె ఇచ్చేది క్రాంకెన్‌గెల్ట్. అది జీతం కంటే తక్కువ. కొత్తవాళ్లకు మెలిక ఏమిటంటే, ఉద్యోగంలో చేరిన మొదటి నాలుగు వారాల్లో కంపెనీ ఇవ్వనక్కర్లేదు, కాసె ఇస్తుంది. ప్రైవేటు బీమాలో క్రాంకెన్‌టాగెగెల్ట్ అనే అంశం విడిగా తీసుకుని ఉంటే తప్ప అటువైపు నుంచీ ఏమీ రాదు.

ఉర్లౌబ్ మీద హైదరాబాదు వెళ్లి జ్వరం తెచ్చుకున్నా, డాక్టరు సర్టిఫికెట్ ఉంటే ఆ రోజులు సెలవులో కోయకూడదు. కానీ మన ఊరి డాక్టరు కంప్యూటర్‌లో పంపలేరు. కాగితం మీరే తెచ్చుకోవాలి; అక్కడి నుంచే కంపెనీకి, కాసెకు వెంటనే చెప్పాలి. "వైరల్ జ్వరం, విశ్రాంతి అవసరం" అని రాస్తే సరిపోదు. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు పనిచేయలేరు అన్న వాక్యం ఆ కాగితంలో ఉందో లేదో చూసుకున్నాకే క్లినిక్ మెట్లు దిగండి.