‘నా విమోచకుడు సజీవుడు’ అని యోబు ఎవరి గురించి అన్నాడు?

ప్రశ్న: మా నాన్నగారి సమాధి రాయి మీద ‘నా విమోచకుడు సజీవుడు’ (యోబు 19:25) అని చెక్కించాం. యోబు ఇక్కడ యేసుప్రభువు గురించే, పునరుత్థానం గురించే మాట్లాడాడా? హీబ్రూలో అసలు అర్థం వేరే అని ఒకాయన అన్నారు. తెలిసినవారు కాస్త వివరంగా చెప్పండి.

జవాబు:

వందనాలండి. హీబ్రూలో అక్కడున్న మాట ‘గోయేల్’. ఇంట్లో ఒకడికి కష్టమొస్తే వాడి తరఫున నిలబడాల్సిన బాధ్యత ఉన్న దగ్గరి బంధువును అలా పిలిచేవారు. యోబు అంటున్నది ఇది: ‘నా కోసం నిలబడి మాట్లాడేవాడు ఒకడున్నాడు, బతికే ఉన్నాడు, ఆ సంగతి నాకు తెలుసు.’ యేసుప్రభువు సంగతికి తర్వాత వస్తాను. నేను వేదాంత కళాశాలలో హీబ్రూ చదువుకున్నాను. ఆ తర్వాత చాలా ఏళ్లుగా పల్లెల్లో బైబిలు తరగతులు చెబుతున్నాను. ఈ వచనం గురించి నాకు అర్థమైనదంతా ఆ రెండు చోట్ల కలిపి నేర్చుకున్నదే.

గోయేల్ ఏం చేయాలో మోషే ధర్మశాస్త్రంలో స్పష్టంగా ఉంది. అన్నో తమ్ముడో బీదవాడై పొలం అమ్ముకుంటే దగ్గరి బంధువు వచ్చి ఆ పొలాన్ని విడిపించాలి (లేవీయకాండము 25:25). అప్పుల పాలై ఒకడు తననే అమ్ముకుంటే వాడిని విడిపించాలి (25:47-49). ఒకడిని ఎవరైనా చంపితే ఆ రక్తానికి జవాబు అడగాల్సిందీ ఆ బంధువే (సంఖ్యాకాండము 35:19). హీబ్రూలో ఈ పనులన్నిటికీ ఒకటే మాట. మన తెలుగు బైబిల్లో మాత్రం సందర్భాన్ని బట్టి ఒకచోట ‘విడిపించు’ అనీ, ఒకచోట ‘ప్రతిహత్య చేయువాడు’ అనీ, యోబులో ‘విమోచకుడు’ అనీ వచ్చింది. అందుకని ఇవన్నీ ఒక్క మనిషి బాధ్యతలేనని చదివేవారికి తట్టదు.

ఈ పని ఎలా జరిగేదో చూడాలంటే రూతు 4వ అధ్యాయం చదవాలి. బోయజు బేత్లెహేము ఊరి గవిని దగ్గర కూర్చుంటాడు. పదిమంది పెద్దలను పిలిపిస్తాడు. నయోమి మొగుడి పొలాన్ని విడిపించే హక్కు తనకంటే ముందు ఇంకొక బంధువుకు ఉంది కాబట్టి అతన్ని పిలిచి అడుగుతాడు. పొలం అనేసరికి ‘విడిపిస్తాను’ అంటాడతను. పొలంతో పాటు నయోమి కోడలు, విధవరాలైన రూతును కూడా చేసుకోవాలని, పుట్టే బిడ్డ చనిపోయినవాడి పేరు నిలబెట్టాలని తెలిశాక ‘నా స్వాస్థ్యం పాడవుతుంది, నువ్వే విడిపించుకో’ అని చెప్పు తీసి ఇచ్చేస్తాడు. గోయేల్ కావడమంటే ఇంతమంది ముందు నిలబడి, తన ఆస్తికి నష్టమైనా సరే, ఇంకొకరి భారం నెత్తికెత్తుకోవడం. దగ్గరివాడైనంత మాత్రాన ఆ పని చేస్తాడన్న నమ్మకం లేదు. తప్పుకునే వీలుంది, ఇక్కడ ఒకడు తప్పుకున్నాడు కూడా.

ఒక ఊళ్లో నేను ఈ అధ్యాయం చెబుతుంటే ఒక పెద్దావిడ మధ్యలో అందుకుంది. భర్త పోగానే ఆయన వాటా పొలాన్ని మరిది ఆక్రమించుకుంటే, ఆమె మేనమామ ప్రతిసారీ తన పనులు మానుకుని మండలాఫీసుకు వచ్చేవాడట. పాసుపుస్తకం సంచిలో పెట్టుకుని, బల్ల మీద పక్కన కూర్చుని, పేరు పిలవగానే ఆమెకంటే ముందు లేచేవాడట. “మాట్లాడేవాడు లేకపోతే కాగితం ఉండీ ఏం లాభమండీ” అంది. యోబు 19 చెప్పేటప్పుడల్లా నేను ఆ మేనమామను తలుచుకుంటాను.

ఇప్పుడు యోబు దగ్గరికి రండి. 25వ వచనాన్ని ఒక్కదాన్నే విడదీసి చదివితే దాని బరువు తెలియదు, 13వ వచనం నుంచి మొదలుపెట్టాలి. అన్నదమ్ములు దూరమయ్యారు. దగ్గరివాళ్లు విడిచిపెట్టారు. ఇంటి దాసులు పరాయివాడిలా చూస్తున్నారు. భార్యకు అతని ఊపిరే అసహ్యమైంది. చిన్నపిల్లలు కూడా ఎగతాళి చేస్తున్నారు. 14వ వచనంలో ‘దగ్గరివాళ్లు’ అని హీబ్రూలో ఉన్న మాటే లేవీయకాండములో పొలం విడిపించాల్సిన ‘సమీప బంధువు’ను చెప్పేటప్పుడూ వాడారు. పిల్లలు మొదటి అధ్యాయంలోనే చనిపోయారు. అంటే గోయేల్ కావాల్సిన వరుసలో యోబుకు ఎవరూ మిగల్లేదు.

అప్పుడతను రాయిని ఆశ్రయిస్తాడు. నా మాటలు గ్రంథంలో రాస్తే బాగుండు, ఇనుప పోగరతో బండ మీద చెక్కి సీసం పోస్తే బాగుండు అంటాడు (23-24). తాను పోయాక తన పక్షాన మాట్లాడే మనిషి లేడు కాబట్టి కనీసం బండ అయినా సాక్ష్యం చెప్పాలని కోరిక. ఆ వెంటనే వస్తుంది 25వ వచనం: ‘వఅనీ యాదాతి గోయలీ హాయ్’, నేనైతే ఎరుగుదును, నా గోయేల్ బతికున్నాడు. ‘హాయ్’ అంటే ప్రాణంతో ఉన్నవాడు. బండకు ప్రాణం లేదు, బిడ్డలకు ప్రాణం పోయింది, చుట్టాలు ఉండీ లేనట్టే. ఇంతమంది లేరని చెప్పుకుని వచ్చాక అంటున్నాడు కాబట్టే ఆ ఒక్క మాటకు అంత బలం.

వచనం రెండో సగంలో ‘భూమిమీద నిలుచును’ అని మనకుంది. హీబ్రూలో ‘ఆఫార్’, అంటే మట్టి, ధూళి. 7:21లో ‘నేను మంటిలో పండుకొంటాను’ అని యోబు తన చావు గురించి అన్నప్పుడు వాడిన మాట అదే. ‘నిలుచును’ అన్నచోట ‘యాకూమ్’ ఉంది, లేచి నిలబడతాడని అర్థం. సాక్షి లేచాడని చెప్పేటప్పుడు ద్వితీయోపదేశకాండము 19:15-16లో ఇదే క్రియ వాడారు. ‘తరువాత’ అన్నచోట ఉన్న ‘అహరోన్’ను ‘చివరివాడు’ అని కూడా చదవొచ్చు. నేను అలాగే చదువుతాను: స్నేహితులందరూ వాదించడం అయిపోయాక, చిట్టచివర, నా మట్టి మీద ఆయన లేచి నిలబడతాడు. సామెతలు 23:10-11 కూడా ఇదే దృశ్యం. తల్లిదండ్రులు లేనివారి పొలంలోకి చొరబడొద్దు, వారి గోయేల్ బలవంతుడు, వారి తరఫున నీతో వ్యాజ్యెమాడతాడు అని ఉంటుంది.

మరి ఈ గోయేల్ ఎవరు? పండితుల మధ్య గట్టి వాదన ఉన్నది ఇక్కడే. దేవుడు కాకపోవచ్చు అనేవారికి మంచి కారణం ఉంది. ఇదే అధ్యాయంలో యోబు, దేవుడే నాకు అన్యాయం చేశాడు, వల వేశాడు అంటున్నాడు (19:6). తనను కొట్టినవాడే తన బంధువు ఎలా అవుతాడు? అందుకే 16:19లో ‘నా సాక్షి పరలోకంలో ఉన్నాడు’ అన్నది వేరొకరి గురించని, ఈ గోయేల్ కూడా ఆ సాక్షేనని వారంటారు.

నా మట్టుకు నేను దేవుడేనని అనుకుంటాను, 17:3 వల్ల. అక్కడ యోబు దేవుడితోనే, నీ దగ్గర నా కోసం నువ్వే పూచీ ఉండు, ఇంకెవరు ఉంటారు అని బతిమాలతాడు. ఎవరికి బాకీ ఉన్నాడో వారినే జామీను ఉండమని అడుగుతున్నాడు. 9:33లో ‘మా ఇద్దరి మీద చెయ్యి ఉంచే మధ్యవర్తి లేడు’ అని ఏడ్చినవాడు, 16లో సాక్షి ఉన్నాడంటాడు, 17లో పూచీ అడుగుతాడు, 19లో గోయేల్ బతికున్నాడంటాడు. ఒక్కొక్క మెట్టే ఎక్కాడు. దేవుడి మీద ఫిర్యాదు చేస్తూనే దేవుడినే దిక్కుగా పట్టుకున్నాడు. పైగా యెషయా 44:6లో దేవుడు తనను ఇశ్రాయేలు గోయేల్ అని, ‘నేను మొదటివాడను, అహరోన్‌ను’ అని చెప్పుకుంటాడు. ఆ రెండు మాటలూ అక్కడ పక్కపక్కనే ఉన్నాయి.

యేసుప్రభువు గురించి మీరు అడిగారు. కొత్త నిబంధన యోబు 19:25ను ఎక్కడా ఎత్తి చెప్పలేదు. ఇది పునరుత్థాన వచనంగా స్థిరపడటానికి లాటిన్ బైబిలు పెద్ద కారణం. 4వ శతాబ్దం చివర జెరోము అనువదించినప్పుడు రెండో సగాన్ని ‘చివరి దినాన నేను భూమిలోనుంచి లేస్తాను’ అని రాశాడు. హీబ్రూలో లేచేది గోయేల్, యోబు కాదు. అంతకుముందు 14వ అధ్యాయంలో యోబే, నరికిన చెట్టు మళ్లీ చిగురిస్తుంది గానీ పడుకున్న మనిషి మళ్లీ లేవడు అన్నాడు. కాబట్టి యోబు మనసులో క్రీస్తు పేరు ఉందని నేను చెప్పను. అయితే దగ్గరి బంధువై, తనకు నష్టమైనా మన భారం ఎత్తుకున్నవాడు క్రీస్తే అని సంఘం నమ్మింది. ఆ నమ్మకంతో ఈ మాటను ఆయనకు చెప్పుకోవడంలో తప్పు లేదు. నేనూ భూస్థాపన కూటాల్లో అలాగే చదువుతాను. మీ రాయి మీద మాట మార్చాల్సిన అవసరమేమీ లేదండి.

ఇక 26వ వచనం. ఇందులో మొదటి సగం హీబ్రూలోనే తెగిపోయినట్టు ఉంటుంది, ఎంత చదువుకున్నవారైనా తడబడతారు. రెండో సగంలో ‘మిబ్బెసారీ’ అనే మాట దగ్గర అసలు చిక్కు. ముందున్న ‘మిన్’కు ‘లోనుంచి’ అనీ, ‘లేకుండా’ అనీ రెండు అర్థాలూ ఉన్నాయి. పరమగీతము 2:9లో ప్రియుడు కిటికీలలోనుంచి చూసినప్పుడు మొదటి అర్థం. యోబు 11:15లో ‘మచ్చ లేకుండా ముఖమెత్తుతావు’ అన్నప్పుడు రెండోది. అంటే ‘నా శరీరంలోనుంచి దేవుని చూస్తాను’ అని కావచ్చు, ‘శరీరం పోయాక చూస్తాను’ అని కావచ్చు. మన తెలుగు బైబిలు ‘శరీరముతో’ అని మొదటి దారి పట్టింది.

నేనూ దానివైపే మొగ్గుతాను. 27వ వచనంలో యోబు నా కళ్లే చూస్తాయి, వేరొకరి కళ్లు కాదు అంటాడు. గ్రంథం చివర 42:5లో, ‘వినికిడిచేత నిన్ను గూర్చి విన్నాను, ఇప్పుడు నా కన్ను నిన్ను చూస్తున్నది’ అంటాడు. అప్పటికి అతను చావలేదు, ఇంకా ఆ బూడిదలోనే ఉన్నాడు. ఆ తర్వాతి వచనాల్లో దేవుడు, యోబుతో వాదించిన ముగ్గురు స్నేహితుల్లో ఒకడైన ఎలీఫజుతో, మీరు నా గురించి సరిగ్గా మాట్లాడలేదు, నా సేవకుడైన యోబు మాట్లాడాడు అని తేల్చి, వెళ్లి యోబు చేత మీ కోసం ప్రార్థన చేయించుకోండి అని ఆ ముగ్గురినీ పంపిస్తాడు.