ఈఎంఐ గుట్టు మొదటి రెండు వరుసల్లోనే ఉంది

"సార్, మాది గుంటూరు. ఫ్లాట్ కోసం 30 లక్షల హోమ్ లోన్ తీసుకున్నాం, 9 శాతం వడ్డీ, 20 ఏళ్లు. నెలకు 26,992 చొప్పున ఏడాదంతా కట్టినా అసలు 56 వేలే తగ్గింది. ఈ ఈఎంఐ ఎలా లెక్కకట్టారు, నేనే సరిచూసుకోవచ్చా?"

చక్కగా చూసుకోవచ్చండి. బ్యాంకు ఇచ్చిన షెడ్యూలు తీసి పక్కన పెట్టుకోండి.

ఏడాదికి 9 శాతమంటే నెలకు 0.0075 వంతు. 30 లక్షల మీద మొదటి నెల వడ్డీ 22,500 అయింది, మీరు కట్టినదాంట్లో అది పోగా అసలుకు జమ పడింది 4,492. రెండో నెల వడ్డీ మిగిలిన 29,95,508 మీదే కాబట్టి 22,466.31కి దిగింది, అంటే 33.69 తగ్గింది. ఈ 33.69 ఏమిటో తెలుసా, మొదటి నెల తీర్చేసిన ఆ 4,492 మీద పడాల్సిన వడ్డీ. ఈఎంఐ మారదు కనుక ఆ మిగులు అసలు వైపు చేరి, రెండో నెల జమ 4,525.69 అవుతుంది. ఇలా ప్రతి నెలా అసలు జమ ముందు నెలదానికి 1.0075 రెట్లు, అచ్చం మనం టెన్త్‌లో చేసిన గుణశ్రేఢి. 240 నెలల జమలూ కూడితే అప్పు మొత్తం రావాలి. మొదటి నెల జమను A, అప్పును P, నెల వడ్డీ వంతు 0.0075ను r, నెలల సంఖ్యను n అనుకుంటే:

```
A × ((1+r)^n − 1) / r = P
A = P×r / ((1+r)^n − 1)
EMI = P×r + A
```

1.0075ను 240 సార్లు హెచ్చిస్తే 6.00915. అందులో 1 తీసేసి, 22,500ను దాంతో భాగిస్తే A 4,491.78. దానికి 22,500 కలపండి, 26,991.78. బ్యాంకు దాన్ని రూపాయికి సవరించింది, ఆ 22 పైసల వల్లే చివరి వాయిదా దాదాపు 148 రూపాయలు తక్కువ పడుతుంది. పై సూత్రం మొదటి వరుసలో ఎడమ వైపు n బదులు 12 పెట్టి, A దగ్గర 4,492 వేసి చూడండి, 56,184 వస్తుంది. మీరు చెప్పిన 56 వేలు ఇవే.

నిరుడు విజయవాడ పటమట నుంచి ఒకావిడ ఇలాంటి షీటే తెచ్చారు, అప్పూ వడ్డీ మీలాగే, కానీ మొదటి నెల వడ్డీ గడిలో 22,950 ఉంది. 0.0075తో భాగిస్తే అప్పు 30,60,000! ఇన్సూరెన్స్ ప్రీమియం 60 వేలు లోన్‌లో కలిపేశారు, ఆవిడకు ఆ సంగతే తెలియదు, నాకైతే చాలా బాధేసింది. అందుకే ముందు ఆ గడి చూడమంటాను. తర్వాత రెండో నెల జమను మొదటి నెల జమతో భాగించండి, 1.0075 రాకపోతే వడ్డీ రేటు మీకు చెప్పినది కాదు.

ఒక్కటి మాత్రం, ఈ పరీక్ష షెడ్యూలు మీదే చేయండి. అకౌంట్ స్టేట్‌మెంట్‌లో చాలా బ్యాంకులు రోజులు లెక్కగట్టి వడ్డీ వేస్తాయి, 28 రోజుల ఫిబ్రవరికీ 31 రోజుల మార్చికీ తేడా వచ్చి అనవసరంగా టెన్షన్ పడతారు.