ఆ సారీ ఎవరు చెప్పాల్సింది?

"బెంగళూరులో కస్టమర్ సపోర్ట్‌లో పనిచేస్తున్నాను. చెన్నైలో మావారి అన్నగారి గృహప్రవేశానికి వెళ్లలేకపోయాం. మావారు 'నువ్వే ఏదో ఒకటి పెట్టెయ్' అంటే, ఫ్యామిలీ గ్రూపులో 'సారీ ఫర్ ది ఇన్‌కన్వీనియెన్స్, కంగ్రాట్స్ ఎనీవే' అని పెట్టాను. నెలైంది, మా తోడికోడలు అక్క నా ఫోన్ ఎత్తడం లేదు. ఆవిడ ఇంగ్లీషు టీచరు. ఆవిడకు తగ్గట్టు గౌరవంగా ఉండే క్షమాపణ ఇంగ్లీషులో రాసిపెట్టండి."

వాక్యం రాసిస్తాను గానీ, దాంతో పని అయిపోతుందనుకోకండి.

'ఇన్‌కన్వీనియెన్స్' అనేది రైలు ఆలస్యమైనప్పుడు, సర్వర్ పడిపోయినప్పుడు సంస్థలు చెప్పే మాట. రోజూ కస్టమర్ ఫిర్యాదు టికెట్ మూసేముందు మీ వేళ్లు అలవాటుగా కొట్టేది అదే. ముఖం తెలియని కస్టమర్‌కి అది మర్యాదే. పీటల మీద కూర్చుని గుమ్మం వైపు చూసిన తోడికోడలికి మాత్రం అది రసీదులా ఉంటుంది. ఇక 'ఎనీవే' అంటే, 'ఎలాగూ రాలేదు, పోనీ అభినందనలు' అన్నట్టే. టీచరమ్మ చెవికి అది తగలకుండా ఉంటుందా?

ఇప్పుడు గౌరవం కోసమని 'ఐ సిన్సియర్‌లీ అపాలజైజ్' అనబోతున్నారేమో, వద్దు. తెలుగులో 'అక్కా, మీరు' అంటే గౌరవమూ చనువూ ఒక్క మాటలోనే ఇమిడిపోతాయి. ఇంగ్లీషులో మాట బిగిసేకొద్దీ మనిషి దూరం జరుగుతాడు. 'అపాలజైజ్' ఆఫీసు ఉత్తరాలకు, పొరపాటు ఒప్పుకునే ప్రకటనలకు బాగుంటుంది. ఇంట్లోవాళ్లకు మామూలు 'సారీ'యే దగ్గర. కాకపోతే దేనికి సారీయో పేరు పెట్టి చెప్పాలి: 'అక్కా, ఐయామ్ సో సారీ వి మిస్డ్ యువర్ గృహప్రవేశం. వి షుడ్ హావ్ కమ్.' అక్కడితో ఆపండి. వెనకాలే 'బట్' అని ఆఫీసు పని సంగతి ఎత్తితే, చెప్పిన సారీ వెనక్కి తీసుకున్నట్టే. 'సారీ ఇఫ్ యూ ఫెల్ట్ బ్యాడ్' అసలే వద్దు, అది తప్పును ఆవిడ మనసు మీదకు నెడుతుంది.

అభినందన దీంతో కలపకండి, మర్నాడు విడిగా పంపండి. 'కంగ్రాట్స్' తోటి ఉద్యోగి ప్రమోషన్‌కి చాలు. దీనికి 'కంగ్రాచ్యులేషన్స్ ఆన్ ది న్యూ హోమ్' అని పూర్తిగా రాయండి. మనవాళ్లు చాలామంది 'ఫర్' అంటారు, అక్కడ 'ఆన్' ఉండాలి.

ఇంతకీ అన్నగారు ఎవరికి అన్న? శతాబ్ది ఎక్కితే అయిదు గంటల దారి వెళ్లనిదీ, నోరు విప్పనిదీ మీవారు. ఆయన తోబుట్టువులకు సారీలూ థాంక్సులూ రాసే గుమాస్తా పని మీకెవరిచ్చారు? అక్క కోపం మీ ఇంగ్లీషు మీద కాదని నా అనుమానం. మరిది ఇంతవరకూ ఒక్క ఫోన్ చేయలేదని. నాకైతే అది క్షమించరాని బద్ధకం.

ఈ ఆదివారం పొద్దున్నే ఆయన్ని వాళ్లన్నకు ఫోన్ చేయమనండి. 'అన్నా, రావాల్సింది, రాలేదు' అని తెలుగులోనే. మీరు పక్క గదిలో ఉండండి, మాటలు అందించకండి. ఆయన మాట్లాడాకే మీ మెసేజ్ వెళ్లాలి, అదీ గ్రూపులో కాదు, నేరుగా అక్కకు.